ఇరవై రూపాయలు ఇప్పుడే తీసుకోవాలా, ఆగాలా?

మీరు చూస్తున్న షేరు ధర 100 రూపాయల నుంచి 80కి పడింది. దాన్ని 100కే అమ్ముకునే హక్కు మీ చేతిలో ఉంది. ఆ హక్కుకు ఇంకో ఏడాది గడువుంది. ఇప్పుడే వాడుకుంటే 20 రూపాయలు ఖాయం. ఆగితే, షేరు ఇంకా పడి 36 రూపాయలు రావచ్చు. తేరుకుంటే మాత్రం 4 రూపాయలే మిగలవచ్చు. ఏం చేయాలి?

ఇలాంటి హక్కునే మార్కెట్లో పుట్ ఆప్షన్ అంటారు. అమ్ముకునే ధరను ముందే ఖాయం చేస్తారు, అది స్ట్రైక్. హక్కు కోసం చెల్లించేది ప్రీమియం. గడువు తీరే రోజున మాత్రమే వాడుకోగలిగితే అది యూరోపియన్ ఆప్షన్. గడువులోపు ఏ రోజైనా వాడుకోగలిగితే అమెరికన్. యూరోపియన్ ఆప్షన్ ధర కట్టడానికి 1973లో బ్లాక్, షోల్స్ ఒక సూత్రం ఇచ్చారు. అమెరికన్ పుట్‌కు అలాంటి సూటి సూత్రం లేదు. ఎప్పుడు వాడుకుంటామన్నది కూడా లెక్కలోనే తేలాలి కాబట్టి చిక్కు వస్తుంది. 1979లో కాక్స్, రాస్, రూబిన్‌స్టీన్ ప్రచురించిన బైనామియల్ ట్రీ పద్ధతి ఆ చిక్కును చేత్తో విప్పుకునేంత తేలిక చేసింది.

చెట్టు వేసి చూద్దాం

షేరు ధర ఈ రోజు 100, స్ట్రైక్ 100, గడువు రెండేళ్లు అనుకుందాం. ఏడాదికోసారి ధర 20 శాతం పెరుగుతుంది, లేదా 20 శాతం తగ్గుతుంది. డివిడెండ్ లేదు. బ్యాంకు వడ్డీ ఏడాదికి 4 శాతం. మొదటి ఏడాది చివర ధర 120 లేదా 80. రెండో ఏడాది చివర 144, 96, 64లలో ఒకటి. కొమ్మ చీలే ప్రతి చోటునూ నోడ్ అంటారు.

పైకి వెళ్లే కొమ్మకు 0.6, కిందికి వెళ్లే కొమ్మకు 0.4 తూకం ఇస్తాం. ఇది షేరు మీద జోస్యం కాదు. 120ని 0.6తో, 80ని 0.4తో గుణించి కలిపితే 104 వస్తుంది. అంటే 100 రూపాయలు బ్యాంకులో పెరిగినంతే షేరూ సగటున పెరిగేలా ఎంచుకున్న తూకాలివి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. షేరు పెరుగుతుందన్న తమ నమ్మకాన్ని ఈ తూకంలో కలిపేస్తారు, దాంతో చెట్టు మొత్తం తప్పుతుంది.

లెక్క చివరి నుంచి వెనక్కి నడుస్తుంది. గడువు రోజున పుట్ విలువ చెప్పడం సులువు: షేరు 144 అయితే 0, 96 అయితే 4, 64 అయితే 36. ఇప్పుడు ఒక ఏడాది వెనక్కి, షేరు 80 ఉన్న నోడ్‌కు వద్దాం. ఆగితే వచ్చే విలువ: 4ను 0.6తో, 36ను 0.4తో గుణించి కలిపితే 16.80. అది ఏడాది తర్వాతి డబ్బు కాబట్టి 1.04తో భాగిస్తే 16.15. ఇప్పుడే వాడుకుంటే 20. రెండిట్లో పెద్దది 20, కాబట్టి ఈ నోడ్ దగ్గర రాసుకోవాల్సింది 20. ప్రతి నోడ్‌లోనూ చేసే పని ఇదే:

```
V = max(K - S, (p*Vu + (1-p)*Vd) / (1+r))
```

ఇందులో K స్ట్రైక్, S ఆ నోడ్‌లో షేరు ధర, p పై కొమ్మ తూకం, r వడ్డీ, Vu, Vd తర్వాతి రెండు నోడ్‌లలో పుట్ విలువలు.

120 నోడ్‌లో వాడుకుంటే ఏమీ రాదు, ఆగితే 1.54. ఇక మొదటి నోడ్‌కు వస్తే, 1.54ను 0.6తో, 20ని 0.4తో గుణించి కలిపి 1.04తో భాగించాలి. విలువ 8.58. మధ్యలో వాడుకునే వీలు లేని యూరోపియన్ పుట్‌కైతే 20 బదులు 16.15 తీసుకోవాలి, అప్పుడు 7.10 వస్తుంది. ముందే వాడుకోగల స్వేచ్ఛ ఖరీదు సుమారు ఒక రూపాయి 48 పైసలు.

ఆ 3.85 ఎక్కడి నుంచి వచ్చింది?

80 నోడ్ దగ్గర 20కి, 16.15కి మధ్య తేడా 3.85. 100 రూపాయలను ఒక ఏడాది ఆలస్యంగా అందుకుంటే ఈ రోజు లెక్కలో పోయే వడ్డీ సరిగ్గా ఇంతే. ఏడాది తర్వాత వచ్చే 100కు ఇప్పటి విలువ 96.15 మాత్రమే. 80 నుంచి షేరు ఎటు వెళ్లినా 96 గానీ 64 గానీ అవుతుంది, రెండూ స్ట్రైక్ కిందే. అంటే హక్కు ఎలాగూ వాడుకుంటాం, ఆ 100 ఎలాగూ వస్తుంది. ఆగడం వల్ల కలిసొచ్చేది లేదు, పోయేది వడ్డీ.

మరి లాభం కనబడగానే వాడేసుకోవాలా? కాదు. ఇదే షేరుకు మూడేళ్ల చెట్టు వేసి, రెండో ఏడాది చివర 96 నోడ్ చూడండి. ఇప్పుడే వాడుకుంటే 4 రూపాయలు. ఆగితే షేరు 115.20కి ఎక్కి చేతికి ఏమీ రాకపోవచ్చు, లేదా 76.80కి పడి 23.20 రావచ్చు. తూకం వేసి ఇప్పటి విలువకు తెస్తే 8.92. పోయే వడ్డీ అదే 3.85 అయినా, షేరు ఎక్కితే దాన్ని 100కు అమ్మాల్సిన పని లేకపోవడం అనే రక్షణ ఇక్కడ ఇంకా బతికే ఉంది, దాని విలువ వడ్డీని మించింది. ప్రతి నోడ్‌లోనూ తూగేవి ఈ రెండే: ఒకవైపు వడ్డీ, ఇంకోవైపు రక్షణ. షేరు స్ట్రైక్‌కు చాలా కిందికి జారినప్పుడు రక్షణ కరిగిపోతుంది, వడ్డీ వైపు మొగ్గుతుంది. డివిడెండ్ దగ్గర్లో ఉంటే మాత్రం అది ఇచ్చాక షేరు ధర తగ్గుతుంది కాబట్టి అప్పటిదాకా ఆగడమే మేలు కావచ్చు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ముందు యూరోపియన్ ధర మొత్తం కట్టేసి, చివర్లో మొదటి నోడ్ దగ్గర మాత్రం పోల్చడం. మన ఉదాహరణలో అక్కడ వాడుకుంటే వచ్చేది సున్నా, కాబట్టి 7.10 అలాగే నిలిచిపోతుంది. 80 నోడ్ దగ్గర 20 రాసి, ఆ 20నే వెనక్కి మోసుకెళ్తేనే 8.58 దొరుకుతుంది.

చెట్టు సరిగ్గా వేశామో లేదో తెలుసుకోవడానికి మంచి పరీక్ష వడ్డీని సున్నా చేసి చూడటం. అప్పుడు తూకాలు 0.5, 0.5 అవుతాయి. 80 నోడ్‌లో ఆగితే 4, 36ల సగటు 20, వాడుకున్నా 20. అమెరికన్, యూరోపియన్ ధరలు ఒక్కటైపోతాయి. ఒక్కటి కాకపోతే ఎక్కడో లెక్క జారిందన్నమాట. ఇక రెండడుగుల చెట్టు నేర్చుకోవడానికే. నిజమైన ధర కోసం వందల అడుగులు వేస్తారు. అడుగుల సంఖ్య సరి, బేసి మారుతున్నకొద్దీ జవాబు అటూ ఇటూ ఊగుతూ స్థిరపడుతుంది.

మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో షేర్ల ఆప్షన్లు మొదట్లో అమెరికన్ పద్ధతిలోనే ఉండేవి, 2011లో యూరోపియన్‌కు మారాయి. కాబట్టి ఇక్కడ పుట్ కొన్నవారు గడువుకు ముందు బయటపడాలంటే దాన్ని మార్కెట్లో అమ్ముకోవాల్సిందే. షేరు స్ట్రైక్‌కు బాగా కింద ఉన్నప్పుడు ఆ పుట్ ధర, స్ట్రైక్‌కూ షేరుకూ ఉన్న తేడా కంటే తక్కువగా కనబడవచ్చు. 80 నోడ్ దగ్గర యూరోపియన్ పుట్ 16.15 మాత్రమే చేసినట్టే ఇదీ. చవగ్గా దొరికిందని సంబరపడేముందు, గడువు దాకా స్ట్రైక్ మీద ఎంత వడ్డీ అవుతుందో లెక్కకట్టి చూడండి. తేడా అంతే ఉంటే మీకు దొరికింది చవక సరుకు కాదు, ఆలస్యంగా వచ్చే డబ్బుకు సరైన ధర.