చార్ట్‌లో ధర, పూల్‌లో డబ్బు

2021 అక్టోబరు చివర్లో స్క్విడ్ అనే టోకెన్ ప్యాన్‌కేక్‌స్వాప్‌లోకి వచ్చింది. పేరు నెట్‌ఫ్లిక్స్ సీరియల్‌ది, ఆ సంస్థకు మాత్రం దీనితో సంబంధం లేదు. ఒక సెంటు దగ్గర మొదలైన ధర వారం తిరగకుండానే 2,800 డాలర్లు దాటింది. కొన్నవాళ్లు అమ్మబోతే అమ్మకం జరగలేదు. నవంబరు 1న, నిమిషాల్లో, ధర సున్నా దగ్గరికొచ్చింది. తయారీదారులు సుమారు 33 లక్షల డాలర్లతో మాయమయ్యారు.

మామూలు ఎక్స్ఛేంజిలో మనం అమ్మితే అటువైపు కొనేవాడు ఉంటాడు. ఇక్కడ ఉండేది పూల్. అందులో ఒకపక్క టోకెన్లు, మరోపక్క డాలరు నాణేలు. రెండు రాశుల లబ్ధం మారకుండా ఉండేలా ధర తనంతట తనే కదులుతుంది.

ఒక లెక్క చూద్దాం. పూల్‌లో 10 లక్షల టోకెన్లు, 20,000 డాలర్లు ఉన్నాయి. అంటే టోకెన్ ధర రెండు సెంట్లు. మొత్తం టోకెన్లు 10 కోట్లయితే 'మార్కెట్ క్యాప్ 20 లక్షల డాలర్లు' అని తెర చెబుతుంది. ఆ 20 లక్షలు ఎక్కడా లేవు, ఉన్నవి 20,000. మీ దగ్గర 10 లక్షల టోకెన్లుంటే వాటి విలువ 20,000 డాలర్లని వాలెట్ చూపిస్తుంది. అన్నీ ఒకేసారి అమ్మితే చేతికొచ్చేది 10,000, అదీ ఫీజు తీయకముందు. ధర అర సెంటుకు పడిపోతుంది. మీ వెనకే అన్నే టోకెన్లు అమ్మినవాడికి 3,333 డాలర్లు దక్కుతాయి.

ఇంకో మెలిక. చాలా చార్ట్ సైట్లు లిక్విడిటీ అంకెలో రెండు పక్కలనూ కలిపేస్తాయి. పై పూల్‌కి 40,000 అని కనిపిస్తుంది. బయటికి రాగలిగే డబ్బు అందులో సగమే.

ఆ సగం కూడా ఎవరి చేతిలో ఉందో చూడాలి. పూల్‌లో డబ్బు వేసినవాడికి రసీదులా ఎల్‌పీ టోకెన్లు వస్తాయి. వాటిని లాక్ చేయకుండా, కాల్చేయకుండా తన వాలెట్‌లోనే ఉంచుకున్నాడంటే, ఎప్పుడంటే అప్పుడు డబ్బంతా తీసేసుకోగలడు. లాక్ చేశానన్నవాడి లాక్ ఎప్పుడు ముగుస్తుందో కూడా చూసుకోవాలి. కొన్ని కొద్ది రోజులకే తెరుచుకుంటాయి.

ఇక క్యాండిల్స్. కొత్త టోకెన్ చార్ట్‌లో ఎర్ర క్యాండిలే లేకుండా పచ్చగా ఎక్కుతుంటే సంతోషించే ముందు లావాదేవీల జాబితా తెరవండి. కొనుగోళ్లు వందలు, అమ్మకాలు ఒకటో రెండో, అవీ ఒకే వాలెట్ నుంచి ఉన్నాయంటే, మిగతావాళ్లను అమ్మనివ్వని కాంట్రాక్టు కావచ్చు. స్క్విడ్‌లో జరిగింది అదే తరహా.

కొద్దిగా అమ్మి చూస్తే తెలిసిపోతుంది కదా అంటారు కొందరు. ఆ పరీక్ష ఆ నిమిషానికే చెల్లుతుంది. కాంట్రాక్టు యజమానికి అమ్మకపు పన్ను మార్చే అధికారం ఉంటే, ఉదయం 5 శాతం ఉన్నది సాయంత్రానికి 99 శాతం కావచ్చు.