వందకు 99 కరెక్టు అంటే ఎవరికి కరెక్టు?

చెల్పూర్ థర్మల్ కేంద్రంలో ఒకే పేరున్న ఇద్దరు మనుషులు ఉన్నారనుకుందాం. ఒకాయన జెన్‌కో పర్మినెంట్ ఉద్యోగి. ఇంకొకాయన కాంట్రాక్టర్ కింద బూడిద ఎత్తే కూలీ. ఇద్దరి పేరూ మల్లయ్యే, ఇద్దరి తండ్రుల పేరూ రాజయ్యే, ఇద్దరి చిరునామా చెల్పూరే. మన ఊళ్లలో ఇది వింతేం కాదు. ఊళ్లో జనానికి ఇద్దరూ తెలుసు కాబట్టి తేడా పడదు. పట్నంలో కూర్చున్న కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరూ ఒక్కరే. సర్కారీ నౌకరీ ఉన్న ఇంటికి రేషన్ కార్డు ఉండకూడదనేది రూలు. కాబట్టి ఒకరోజు కూలీ మల్లయ్య ఇంటి కార్డు రద్దవుతుంది. మనిషికి 6 కిలోల చొప్పున నలుగురున్న ఇంటికి వచ్చే 24 కిలోల బియ్యం ఆగిపోతుంది.

ఈ మల్లయ్యను మేం ఊహించి చెప్పాం. కానీ ఇలాంటి పొరపాటు తెలంగాణలో నిజంగానే జరిగింది. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కారు ఉందని చెప్పి రేషన్ కార్డు లేకుండా చేశారు. అదే పోలిక పేరున్న వేరే మనిషి కారును కంప్యూటర్ ఈ ఇంటికి అంటగట్టింది. ఆ కంప్యూటర్ వ్యవస్థ పేరు సమగ్ర వేదిక. వాహనాలు, ఆస్తిపన్ను, ఉద్యోగాలు, పింఛన్లు వంటి వేర్వేరు శాఖల రికార్డులను కలిపి, ఏ ఇంటికి ఏం ఉందో చూపించే వ్యవస్థ ఇది. హైదరాబాద్‌కు చెందిన పోసిడెక్స్ అనే ప్రైవేటు కంపెనీ సాఫ్ట్‌వేర్ దీని వెనుక ఉంది. అనర్హులను పసిగట్టడమే దీని పని కాబట్టి దీన్ని కూడా ఒక డిటెక్టర్‌గానే చూడాలి.

డిటెక్టర్లు అమ్మే కంపెనీల బ్రోచర్లలో ఒక అంకె పదేపదే కనిపిస్తుంది: 99 శాతం కచ్చితత్వం. ఆ అంకెను ఇక్కడ మేం ఏ ఒక్క కంపెనీకీ అంటగట్టడం లేదు. అది నిజమేననుకున్నా ఎవరి కంచంలో ఎంత మిగులుతుందో లెక్క వేసి చూద్దాం.

ఒక జిల్లా లెక్క

ఒక జిల్లాలో 1,00,000 రేషన్ కార్డులున్నాయని అనుకుందాం. వాటిలో నిజంగా అనర్హులు వందకు ఇద్దరు, అంటే 2,000 ఇళ్లు. మిగతా 98,000 ఇళ్లు అర్హులు. డిటెక్టర్ రెండు వైపులా వందకు 99 సార్లు సరిగానే చెబుతుందని ఒప్పుకుందాం.

అనర్హుల్లో వందకు 99 చొప్పున 1,980 ఇళ్లను అది పట్టుకుంటుంది. అర్హుల విషయంలో వందకు ఒక్కసారి తప్పు చేస్తుంది. 98,000లో వందకు ఒకటి అంటే 980 ఇళ్లు. కాబట్టి ఆఫీసర్ చేతికి వచ్చే రద్దు జాబితాలో మొత్తం 2,960 పేర్లుంటాయి. అందులో 980 ఇళ్లు ఏ తప్పూ లేనివి. అంటే జాబితాలో మూడు ఇళ్లకు ఒక ఇల్లు అన్యాయంగా బియ్యం పోగొట్టుకుంటుంది. డిటెక్టర్ మాత్రం అప్పటికీ 99 శాతం కరెక్టే.

ఇందులో కనికట్టు ఏమీ లేదు. అర్హులు చాలా ఎక్కువ, అనర్హులు చాలా తక్కువ ఉన్నప్పుడు, ఎక్కువ ఉన్నవాళ్లలో చిన్న శాతం తప్పు కూడా పెద్ద గుంపవుతుంది. అనర్హులు వందకు ఒక్కరే ఉంటే పట్టుబడ్డ అనర్హులు 990, తప్పుగా చిక్కిన అర్హులు కూడా 990. జాబితాలో సగం అన్యాయమే. మంచి మిషనే కదా, తప్పులు తక్కువే ఉంటాయిలే అనే మాట ఇక్కడే చెల్లకుండా పోతుంది. మిషన్ ఎంత మంచిదైనా వెతుకుతున్నది అరుదైనదైతే, చిక్కినవాళ్లలో అమాయకుల వాటా పెరుగుతుంది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఏ పనీ చేయకుండా అందరూ అర్హులే అని చెప్పే డబ్బా ఒకటి పెట్టినా, ఈ జిల్లాలో అది 98 శాతం కరెక్టు. ఎందుకంటే 98 శాతం మంది నిజంగానే అర్హులు. అంటే 98 నుంచి 99కి పోవడం బ్రోచర్‌లో కనిపించినంత గొప్ప కాదు.

99... దేనిలో 99?

పేర్లు పోల్చే మిషన్ల దగ్గర అంకెను ఉబ్బించే దారి ఇంకొకటి ఉంది. 1,000 రేషన్ కార్డులను 1,000 కారు రికార్డులతో పోల్చాలంటే ప్రతి కార్డునూ ప్రతి కారుతో జత చేసి చూడాలి. మొత్తం 10 లక్షల జతలు. వాటిలో నిజంగా కలిసేవి 50 జతలే అనుకుందాం. మిగతా జతలన్నీ చూడగానే వేరని తెలిసిపోయేవే. ఎల్లమ్మ కార్డుకూ శ్రీనివాస్ కారుకూ సంబంధం లేదని చెప్పడానికి మిషన్ అవసరం లేదు. కానీ ఆ తేలిక జవాబులన్నీ కరెక్టు ఖాతాలో పడతాయి. ఒక్క జత కూడా కలవదని చెప్పే మిషన్ 10 లక్షల్లో 50 సార్లే తప్పు చేసినట్టు. అంటే 99.995 శాతం కచ్చితత్వం, పట్టుకున్నది సున్నా.

తప్పు అటువైపు జరిగితే ఇంకా కష్టం. 10 లక్షల జతల్లో పది వేలకు ఒక్కటి తప్పుగా కలిపినా 100 తప్పు జతలు తయారవుతాయి. నిజమైన జతలు 50, తప్పు జతలు 100. కాగితం మీద అది 99.99 శాతం. కాబట్టి ఎవరైనా శాతం చెప్పగానే, అది జతల మీద లెక్కా, కార్డుల మీద లెక్కా, లేక రద్దయిన ఇళ్ల మీద లెక్కా అని అడగాలి. మనకు కావలసింది మూడోది.

తప్పు అందరి మీదా ఒకేలా పడదు

980 తప్పులూ ఊరంతా సమానంగా పంచుకుంటే అది ఒక రకం. అలా జరగదు. వేర్వేరు శాఖల్లోని రికార్డులను పేరు, తండ్రి పేరు, చిరునామా చూసి కలుపుతారు. అవి ఎవరి దగ్గర తేలిగ్గా కలగలిసిపోతాయో ఆలోచించండి.

మన వాడలో ఒకే ఇంటిపేరుతో పది ఇళ్లుంటాయి. తాత పేరు మనవడికి పెడతారు. కాలనీలో చాలా ఇళ్లకు నంబర్ ఉండదు, ఉన్నా రికార్డులో ఎస్సీ కాలనీ అని మాత్రమే రాస్తారు. ఎల్లయ్య పేరును ఒక ఆపరేటర్ Yellaiah అని కొడితే ఇంకొకరు Ellaiah అంటారు, మూడో ఆఫీసులో Yelliah అవుతుంది. ఇలాంటి తేడాలను దాటడానికి మిషన్ కాస్త దగ్గరగా ఉన్న పేర్లన్నింటినీ ఒక్కటిగా చూడడం నేర్చుకుంటుంది. అప్పుడు వేరే మనిషి కూడా అందులో కలిసిపోతాడు. ఇంటి నంబరు, వీధి, పూర్తి పేరు అన్నీ సక్రమంగా ఉన్న కుటుంబం దగ్గర మిషన్ తడబడదు. కంపెనీ తన పరీక్షను అలాంటి శుభ్రమైన రికార్డుల మీద చేసుకుంటే 99 వస్తుంది. మన వాడ రికార్డుల మీద ఎంత వస్తుందో వేరుగా కొలవాలి. జిల్లా సగటు బాగున్నా, తప్పులన్నీ ఒకే వాడ మీద కుప్పపడి ఉండొచ్చు.

రాష్ట్రం చూపించిన అంకెలు

2014–2019 మధ్య తెలంగాణలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు ఇవ్వలేదు. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో, రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. ఆ తర్వాత 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. 2022 జులై నాటికి వాటిలో 2,05,734 పరిశీలించారు. 15,471 కుటుంబాలు అర్హులని తేలింది. 2024 జనవరిలో రిపోర్టర్స్ కలెక్టివ్, అల్ జజీరా ఈ అంకెలను బయటపెట్టాయి.

పరిశీలించిన వాటిలో ఇది వందకు ఏడున్నర. మిగతా తొంభై రెండున్నర సరిగానే తీసేశామని ఎవరైనా చెప్పుకోవచ్చు. ఆ అంకెను కూడా ఇందాకటిలాగే విప్పి చూడాలి. లెక్కలోకి వచ్చింది మళ్లీ దరఖాస్తు పెట్టుకున్న వాళ్లే. వలస వెళ్లిన కుటుంబం, నాలుగుసార్లు తిరిగి విసిగిపోయిన ముసలమ్మ, కార్డు ఎందుకు పోయిందో తెలియని ఇల్లు ఈ లెక్కలో లేరు. పైగా ఈ పరిశీలన జరిగింది కోర్టు చెప్పిన తర్వాత, బియ్యం ఆగిపోయిన చాలా ఏళ్లకు.

శాతం అడగొద్దు, ఇవి అడగండి

సమాచార హక్కు దరఖాస్తులో మీ మిషన్ ఎంత కచ్చితం అని అడిగితే బ్రోచర్‌లోని అంకే తిరిగి వస్తుంది. సాఫ్ట్‌వేర్ కోడ్ అడిగితే సెక్షన్ 8(1)(డి) కింద వ్యాపార రహస్యమని చెప్పి తిప్పి పంపే అవకాశం ఎక్కువ. ఫలితాల అంకెలు రహస్యం కావు. కాబట్టి మండలం, సంవత్సరం స్పష్టంగా రాసి ఇవి అడగాలి:

1. మిషన్ అనర్హులని చూపిన కార్డులు ఎన్ని? వాటిలో ఎన్ని ఇళ్లకు మనిషి వెళ్లి చూశాడు? చూసిన వాటిలో ఎన్ని అర్హమైనవని తేలాయి?

2. ఆ మూడు అంకెలూ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఒంటరి మహిళల కుటుంబాలకు విడివిడిగా ఎంత?

3. మిషన్ ఏమీ చూపని కార్డుల్లోంచి కొన్నింటిని ఎంచి పరిశీలించారా? ఫలితం ఏమిటి? ఇది తెలియకపోతే అది ఎంతమంది అనర్హులను వదిలేసిందో చెప్పలేరు.

4. రెండు పేర్లు ఒక్కరివే అని తేల్చడానికి ఎంత స్కోరు రావాలి? ఆ గీత ఎవరు గీశారు, ఏ ఉత్తర్వుతో? గీత కిందికి దించితే ఎక్కువ మంది చిక్కుతారు, వాళ్లతో పాటు అమాయకులూ చిక్కుతారు.

5. ఫలానా కార్డు రద్దుకు ఏ శాఖ రికార్డు ఆధారం? నోటీసు ఏ తేదీన ఇచ్చారు? ప్రభుత్వ నిర్ణయం వల్ల నష్టపోయిన మనిషికి కారణం చెప్పాలని సెక్షన్ 4(1)(డి) చెబుతోంది.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా వచ్చింది సరిపోకపోతే, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయొచ్చు. బియ్యం ఆగిన కుటుంబం ఈ జవాబు కోసం ఆగాల్సిన పని లేదు. 2013 ఆహార భద్రత చట్టం కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి విడిగా అర్జీ పెట్టుకోవచ్చు.

అన్నింటికన్నా పెద్ద ప్రశ్న ఒకటి మిగిలింది. ముందు బియ్యం ఆపుతారా, ముందు ఇంటికి వస్తారా? మన లెక్కలోని 2,960 పేర్ల జాబితానే తీసుకోండి. జిల్లాలో 200 గ్రామ పంచాయతీలుంటే ఊరికి 15 ఇళ్ల లోపే. ఊళ్లో పనిచేసే ఉద్యోగికి అది రెండు మూడు రోజుల పని. చెల్పూర్‌కు ఆ మనిషి వచ్చి వాడకట్టులో ఒక్కసారి అడిగితే చాలు, బూడిద ఎత్తే మల్లయ్య ఎవరో, జెన్‌కో మల్లయ్య ఎవరో చిన్న పిల్లలు కూడా చూపిస్తారు.