‘పెళ్లికాని అమ్మాయిలు కావలెను’

ఒక మందుల షాపు యజమాని వాట్సాప్ గ్రూపులో పెట్టబోయే ప్రకటన ఇలా ఉందనుకుందాం: ‘సేల్స్ గర్ల్ కావలెను. 25 ఏళ్లలోపు, పెళ్లికానివారు, చూడచక్కగా ఉండాలి. శాకాహారులకు ప్రాధాన్యం.’

పంపే ముందు ప్రతి షరతు దగ్గరా ఆగి, ‘ఇది ఏ పని కోసం?’ అని అడగాలి. ‘పెళ్లికానివారు’ ఎందుకంటే, రాత్రి తొమ్మిదిదాకా ఉండాలి, పెళ్లయినవాళ్లు ఉండరని ఆయన అనుమానం. అలాంటప్పుడు వేళలే రాయొచ్చు కదా! కుదిరేదీ లేనిదీ వాళ్లే తేల్చుకుంటారు. 25 ఏళ్ల షరతు వెనక ఉన్నది తక్కువ జీతం. అంకె వేస్తే సరిపోతుంది. ‘చూడచక్కగా’ అన్నదానికి మందులమ్మడంతో సంబంధమే లేదు. ఇక శాకాహారం మాట కులం పేరెత్తకుండానే కొందరికి తలుపు మూసేస్తుంది. ఆ రెండూ కొట్టేయాల్సిందే.

‘గర్ల్’ సంగతి మర్యాదతో ఆగదు. నియామకాల్లో స్త్రీపురుష వివక్ష కూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది.

చివరికి మిగిలేది: ‘మందుల షాపులో సేల్స్ పనికి మనిషి కావలెను. మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 9. మందుల పేర్లు ఇంగ్లీషులో చదవగలగాలి. జీతం 13,000.’ చదవడం షరతే అయినా పనికి అవసరం, అందుకే ఉంచాం.

అయితే ఫోన్ చేసినవారిని ‘పెళ్లయిందా?’ అనే మొదట అడిగితే, కొట్టేసిన షరతు తిరిగొచ్చినట్టే.