మీకు తెలుసా? రూపాయి లాభంలో పంచేదెంత, దాచేదెంత?

బోయిగూడ గేటు వైపు నుంచి సికింద్రాబాద్ స్టేషన్లోకి వచ్చి రైలెక్కేవాళ్లలో చాలామంది టికెట్టు ఫోన్లోనే కొని ఉంటారు. యూపీఐతో కడితే ఐఆర్‌సీటీసీ స్లీపరు టికెట్టుకు 10 రూపాయలు, ఏసీకి 20 రూపాయలు ఫీజు తీసుకుంటుంది, జీఎస్టీ అదనం. ఈ చిల్లరకు క్యాటరింగ్, నీళ్ల సీసాల వ్యాపారం తోడై 2023-24లో ఆ కంపెనీ 1,111 కోట్ల లాభం చూపింది. షేరుకు 13 రూపాయల 89 పైసలు. అందులో 6.50 డివిడెండుగా పంచేసింది.

అదే ఏడాది మన డాక్టర్ రెడ్డీస్ షేరుకు దాదాపు 334 రూపాయలు సంపాదించింది. పంచింది 40 రూపాయలే! అంటే ప్రతి రూపాయి లాభంలో ఐఆర్‌సీటీసీ వాటాదారుకు 47 పైసలు ఇస్తే, డాక్టర్ రెడ్డీస్ 12 పైసలిచ్చింది.

ఇది పిసినారితనం కాదు. పట్టాలు, పెట్టెలు రైల్వేవి. టికెట్లమ్మే కంపెనీకి కొత్తగా పెట్టాల్సిన పెట్టుబడి తక్కువ. పైగా అందులో 62 శాతం వాటా కేంద్రానిది. లాభంలో 30 శాతమో, నికర విలువలో 5 శాతమో, ఏది ఎక్కువైతే అంత కనీసం పంచాలని 2016లోనే కేంద్రం తన కంపెనీలకు చెప్పేసింది. మందుల కంపెనీకి అలా కుదరదు. పరిశోధన ఏళ్ల తరబడి డబ్బు తింటుంది, మంచి బేరం తగిలితే వదులుకోకూడదు. 2024 జూన్‌లో డాక్టర్ రెడ్డీస్, పొగతాగడం మానడానికి వాడే నికోటినెల్ తదితర బ్రాండ్లను అమెరికా బయటి మార్కెట్లకు 50 కోట్ల పౌండ్ల దాకా పెట్టి కొంటున్నట్టు ప్రకటించింది.

కాబట్టి బోర్డు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ రూపాయిని మేం ఉంచుకుంటే, వాటాదారు తన చేత్తో సంపాదించగలిగే దానికన్నా ఎక్కువ తెస్తామా? తేలేకపోతే పంచడమే న్యాయం.

తుది డివిడెండు ఎంతో బోర్డు సిఫారసు చేస్తుంది, వార్షిక సభలో వాటాదారులు ఆమోదిస్తారు. తమాషా ఏమిటంటే, మామూలుగా కంపెనీల నిబంధనల ప్రకారం ఆ సభ డివిడెండును తగ్గించగలదు కానీ పెంచలేదు. డబ్బు తమదే అయినా!

బ్యాలెన్స్ షీటులో 'నిలిపి ఉంచిన లాభాలు' అని పెద్ద అంకె కనిపిస్తే అంత నగదు బ్యాంకులో ఉందనుకోకండి. అందులో చాలా భాగం ఈపాటికే ఫ్యాక్టరీగానో, సరుకుగానో, రావాల్సిన బాకీగానో మారి ఉంటుంది. డివిడెండు మాత్రం నగదులోనే చెల్లించాలి. లాభం చూపిస్తూ నగదు లేక అప్పు తెచ్చి పంచే కంపెనీలూ ఉంటాయి. వాటిని పట్టుకోవాలంటే క్యాష్ ఫ్లో పట్టిక తెరవండి. వ్యాపారం నుంచి వచ్చిన నగదులో పెట్టుబడి ఖర్చు తీసేయగా మిగిలినదానికన్నా డివిడెండు ఏటేటా ఎక్కువగా ఉంటే, ఆ పక్కనే అప్పుల వరుస కూడా పెరుగుతోందేమో చూడండి.