మట్టికట్ట కింద నేల ఏమంటోంది?

మెత్తటి బంకనేల మీద రోడ్డు కోసమో, రైలు కోసమో ఎత్తుగా మట్టికట్ట పోస్తే కింద నేల కుంగుతుంది. డెల్టా పల్లెల్లో పుట్టినవారికి ఇది కొత్త సంగతి కాదు. కొత్తగా పోసిన గట్టు మొదటి ఏడు ఉన్నంత ఎత్తు మూడో ఏడు ఉండదు. అందుకే కుంగటమంటేనే ప్రమాదమని మనలో చాలామందికి ఒక అభిప్రాయం. కాని కట్టలు పోయించే ఇంజనీరు కుంగటానికి అంతగా భయపడడు. నేల పక్కకి జరగటానికి భయపడతాడు. ఈ రెండింటి తేడా ఎలా కనిపెడతారన్నదే ఈ వ్యాసం.

దమ్ము చేసిన మడిలో కాలు పెట్టిన వారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గబుక్కున అడుగు వేస్తే బురద కిందికి అణగదు, పాదం చుట్టూ పక్కకి పొంగుతుంది. బంకమట్టి రేణువుల మధ్య నీరు నిండి ఉంటుంది, అది బయటికి పోవటానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. పైన కొత్తగా మట్టి వేయగానే ఆ బరువును ముందుగా మోసేది ఈ నీరే. నీటికి పీడనం ఎక్కుతుంది గాని మట్టికి బలం రాదు. నీరు మెల్లగా జారిపోయినకొద్దీ బరువు రేణువుల మీదికి దిగి, నేల కుంగుతూ గట్టిపడుతుంది. కనుక ఓపికగా పోస్తే కుంగటం మనకు మేలే. తొందరపడి పోస్తే నేల పక్కకి తోసుకుపోయి, కట్ట పగిలి, అంచు అవతల పొలం పైకి లేస్తుంది.

దీన్ని ముందుగా పసిగట్టటానికి మూడు పరికరాలు పెడతారు. సెటిల్‌మెంట్ ప్లేటు చాలా సాదా వస్తువు. మట్టి పోయకముందే నేలమీద ఒక పలక పరిచి, దానికి నిలువుగా ఇనుప కడ్డీ బిగిస్తారు. కట్ట లేచినకొద్దీ కడ్డీకి ముక్కలు అతుకుతూ, దాని కొన మట్టాన్ని లెవెల్‌తో చూస్తారు. కట్ట కిందనున్న బంకమట్టిలో పీజోమీటరు పాతుతారు, అది నీటి పీడనం చెబుతుంది. ఉత్త గొట్టంలో నీళ్ళు ఎక్కేదాకా చూసే రకం బంకమట్టిలో చాలా ఆలస్యంగా పలుకుతుంది. కనుక ఇలాంటి చోట కంపించే తీగ రకం వాడతారు. అందులో సన్నని లోహపు రేకుకు బిగించిన తీగ ఉంటుంది. పీడనం మారితే తీగ బిగువు మారి, మీటినప్పుడు దాని పౌనఃపున్యం మారుతుంది. ఇక మూడోది ఇన్‌క్లినోమీటరు. కట్ట అంచున, కింది గట్టినేలలోకి దిగేదాకా గాళ్ళున్న గొట్టం నిలబెడతారు. చక్రాలున్న పొడుగాటి కొలతపనిముట్టును అందులోకి దించి, సాధారణంగా అర మీటరుకొకసారి వాలు చూస్తారు. ఆ వాలులన్నీ కూడితే నేల ఏ లోతులో ఎంత పక్కకి జరిగిందో గీత గీయవచ్చు. గొట్టం అడుగు నిజంగా కదలని నేలలో లేకపోతే ఈ లెక్కంతా తప్పే.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 8 మీటర్ల మెత్తటి బంకమట్టి, నీటిమట్టం నేలబారున. కట్టమట్టి ఘనపు మీటరు 1.8 టన్నులు. అంటే ప్రతి మీటరు కట్టా చదరపు మీటరుకు 1.8 టన్నుల బరువు మోపుతుంది. నీటి భాషలో చెబితే అది 1.8 మీటర్ల నీటి ఎత్తు. మొదటి మీటరు పోస్తే నడిమి పీజోమీటరు 1.1 మీటర్లే ఎక్కింది. మూడో మీటరుకు దాదాపు పూర్తిగా 1.8 ఎక్కింది. మొదట్లో నేలకున్న పాత గట్టితనం కొంత బరువు పంచుకుంది, ఇప్పుడది అయిపోయిందన్నమాట. ఇక్కడే జాగ్రత్త మొదలు కావాలి.

3 మీటర్ల కట్టకు నడుమ కుంగుదల 14 సెం.మీ., అంచు దగ్గర అత్యధిక పక్కజరుగు 3 సెం.మీ. నిష్పత్తి సుమారు 0.2, ఫరవాలేదు. ఆ మీదట అర మీటరు పోశారు. మొత్తం కుంగుదల 20, జరుగు 8 సెం.మీ. అయ్యాయి. మొత్తాల నిష్పత్తి 0.4, అంత భయంగా కనిపించదు. కాని ఈ అర మీటరుకే వచ్చిన మార్పు చూడండి: 6 సెం.మీ. కుంగితే 5 సెం.మీ. జరిగింది! నిష్పత్తి 0.8 దాటింది. కెనడాలో తవెనాస్, ఆయన సహచరులు అనేక కట్టల కొలతలు పరిశీలించి 1979లో ఇదే చూపించారు. మొదట్లో ఈ పెరుగుదలల నిష్పత్తి సుమారు 0.2గా ఉండి, నేల పాత గట్టితనం దాటాక పోత సాగుతుంటే 0.9 దాకా పోతుంది. అంటే కుంగినంతా పక్కకి తోసుకుపోతున్నదే. అందుకే మొత్తాలు కాదు, పెరుగుదలలు లెక్కించాలి.

పోత ఆపేశారు. తర్వాతి మూడు రోజుల్లో కుంగుదల రోజుకు 10, 10, 11 మి.మీ.; పక్కజరుగు 6, 8, 11 మి.మీ. మట్టి ఒక తట్ట కూడా వేయకపోయినా పీజోమీటరు 20 సెం.మీ. పైకి పోయింది. పోత ఆగితే ఈ మూడూ రోజురోజుకీ నెమ్మదించాలి, నీటి పీడనం తగ్గుముఖం పట్టాలి. ఇక్కడ అలా లేదు. నేల కోతకు గురై నలుగుతోంది, ఆ నలుగుడే నీటి పీడనాన్ని పెంచుతోంది. ఇక చూస్తూ కూర్చోకూడదు. పైనుంచి కొంత మట్టి తీసెయ్యాలి, లేదా అంచు బయట మట్టి వేసి నేల పైకి లేవకుండా బరువు పెట్టాలి.

అయితే పరికరం చెప్పిందల్లా నిజమని నమ్మటం కూడా పొరపాటే. ప్లేటు కడ్డీకి కొత్త ముక్క అతికి, ఆ సంగతి పుస్తకంలో రాయకపోతే కట్ట ఒక్కరోజులో మీటరు లేచినట్టు కనిపిస్తుంది. ట్రాక్టరు కడ్డీని వంచితే ఆ ఒక్క ప్లేటే గంతేస్తుంది, పక్క ప్లేట్లు మామూలుగా ఉంటాయి. పీజోమీటరు కూడా నేలతోపాటు కిందికి దిగుతుంది కనుక, దిగినంత నీటి ఎత్తు దానంతటదే ఎక్కువ చూపిస్తుంది. మన ఉదాహరణలో మూడు రోజుల కుంగుదల 3 సెం.మీ. మాత్రమే, అందువల్ల 20 సెం.మీ. ఎక్కటానికి అది కారణం కాదు. ఇన్‌క్లినోమీటరును ఒకసారి దించి, తిప్పి మళ్ళీ ఎదురుముఖంగా దించుతారు. ఒకే లోతులో రెండు కొలతల మొత్తం దాదాపు మారకుండా ఉండాలి. అది మారిందంటే నేల కాదు, పనిముట్టు తేడా చేసింది.

1980ల చివర మలేసియాలోని ముఆర్ మైదానంలో ఒక కట్టను కావాలనే, పరికరాలు పెట్టి, కూలేదాకా పోశారు. 5.4 మీటర్ల పోత దగ్గర అది కూలింది. ముందుగా ఇంజనీర్ల చేత అంచనాలు కట్టించి, జరిగినదానితో పోల్చారు. కాగితం మీది లెక్క ఒక్కటే చాలదని ఇంజనీర్లే ఒప్పుకున్న ప్రయోగమిది.

మళ్ళీ ఎప్పుడు పోయాలి? అంచు బరువు పెట్టాక మన కట్ట నెమ్మదించిందనుకుందాం. నెలనెలా కుంగుదల 30, 40, 47 సెం.మీ. పెరుగుదలలు 10, 7, నిష్పత్తి 0.7. చదువుకునే రోజుల్లో నేర్చిన గుణశ్రేఢి ఇక్కడ అక్కరకొస్తుంది. 10ని 0.3తో భాగించి 30కి కలిపితే 63 సెం.మీ. చిల్లర, అదే చివరి కుంగుదల. 1978లో జపాన్ ఇంజనీరు అసావోకా చూపిన పద్ధతికి మూలం ఇదే. ఈ లెక్క బరువు మారనప్పుడే చెల్లుతుంది, నడుమ ఒక్క లారీ వరస పోసినా మళ్ళీ మొదటికి రావాలి. పైగా నీరంతా పోయాక కూడా బంకమట్టి ఏళ్ళతరబడి కొద్దికొద్దిగా కుంగుతుంది, అది ఈ 63లో లేదు. 47 అయిందంటే దారిలో మూడొంతులు నడిచినట్టు. నీటి పీడనం కూడా అదే పాళ్ళలో దిగిందని పీజోమీటరు ఒప్పుకుంటే, తర్వాతి అర మీటరు పోయవచ్చు. ఒప్పుకోకపోతే ఇంకో నెల ఆగాలి.