ముప్పై ఆరు ప్రతిపాదనలు, ఎనిమిది స్థానాలు: చిన్న సాంకేతిక మీటప్‌లో ప్రసంగాల ఎంపిక ఎలా జరగాలి?

సాఫ్ట్‌వేర్, ఎలక్ట్రానిక్స్, డేటా వంటి రంగాల్లో పనిచేసేవారు సెలవు రోజున ఒకచోట చేరి, తాము చేసిన పనిని ఒకరికొకరు వివరించుకునే సమావేశాలను మీటప్‌లు అంటున్నారు. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాల్లో ఇవి మామూలైపోయాయి. వేదికపై ఎవరు మాట్లాడాలో నిర్ణయించడానికి నిర్వాహకులు ముందుగా ప్రసంగ ప్రతిపాదనలు కోరతారు. ప్రతిపాదన అంటే ప్రసంగం శీర్షిక, రెండు మూడు పేరాల సారాంశం, ఏ అంశానికి ఎన్ని నిమిషాలో చెప్పే చిన్న పట్టిక. వీటిని సేకరించి ఎంపిక చేయడం తేలికగానే కనిపిస్తుంది. కానీ తేదీలు ఒకదానికొకటి పొసగకపోతే, మార్కులు వేసే పద్ధతి సరిగా లేకపోతే, మంచి విషయం ఉన్న కొత్త వక్త బయటే ఉండిపోతారు. అది ఎలా జరుగుతుందో, ఎలా నివారించవచ్చో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం.

విశాఖపట్నంలో 2027 ఫిబ్రవరి 20, శనివారం ఒక రోజు మీటప్ జరుగుతుందనుకుందాం. ఒకే హాలు. 25 నిమిషాల ప్రసంగం, 5 నిమిషాల ప్రశ్నల చొప్పున ఎనిమిది ప్రసంగాలకు చోటుంది. ప్రతిపాదనలు చదివేందుకు ఆరుగురు స్వచ్ఛంద సమీక్షకులు ఉన్నారు.

తేదీలను వెనక నుంచి లెక్కించాలి

చాలామంది నిర్వాహకులు మొదట ప్రతిపాదనల గడువు ప్రకటించి, మిగతా పనులను ఆ తర్వాత మిగిలిన రోజుల్లో సర్దుతారు. దీనికి తిరగేసి లెక్కించడం మంచిది. సమావేశం తేదీ నుంచి ఒక్కో మెట్టు వెనక్కి రావాలి.

కార్యక్రమం వివరాలు చూశాకే చాలామంది రావాలో వద్దో తేల్చుకుంటారు. కాబట్టి నాలుగు వారాల ముందు, అంటే జనవరి 23న, పూర్తి కార్యక్రమం వెలువడాలి. అంతకుముందే ఎంపికైన ప్రతి ఒక్కరూ వస్తామని ఖాయం చేయాలి. మామూలుగా దీనికి ఐదు రోజులు చాలు. కానీ మధ్యలో సంక్రాంతి ఉంది. ఊళ్లకు వెళ్లినవారు ఈమెయిల్ చూడకపోవచ్చు. అందుకే జనవరి 10న ఫలితాలు పంపి, 19 వరకు సమయం ఇవ్వాలి. ఫలితాలు 10న వెళ్లాలంటే ఎంపిక సమావేశం 9వ తేదీ శనివారం జరగాలి. సమీక్షకులకు రెండు వారాలు కావాలి కనుక డిసెంబరు 24 నుంచి జనవరి 6 వరకు చదివే సమయం. అంతకు ముందు మూడు రోజులు ప్రాథమిక పరిశీలనకు. అలా ప్రతిపాదనల గడువు డిసెంబరు 20, ఆదివారం అవుతుంది. నాలుగు వారాల సమయం ఇవ్వాలంటే నవంబరు 22నే పిలుపు వెలువడాలి.

ఫలితాలు ఆలస్యమైతే నష్టపోయేది ఎక్కువగా బయటి ఊరివారే. 2024 నవంబరు 1 నుంచి రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. జనవరి 10న ఫలితం తెలిస్తే ప్రయాణానికి ఇంకా 41 రోజులుంటాయి, బెర్తు దొరికే అవకాశం మెరుగ్గా ఉంటుంది. పది రోజుల ముందు చెబితే వెయిటింగ్ లిస్టే మిగలవచ్చు. స్థానికులకు ఈ ఇబ్బంది లేదు. అంటే తేదీల లెక్కలో జరిగిన పొరపాటు, ఎవరూ అనుకోకుండానే, వక్తలను ఒక ఊరికి పరిమితం చేస్తుంది.

‘డిసెంబరు 20’ అంటే ఎప్పుడు?

తేదీ ఒక్కటే రాస్తే చాలదు. డిసెంబరు 20 వచ్చేసరికి ముగుస్తుందా, ఆ రోజు రాత్రి వరకు ఉంటుందా అన్న సందేహం వస్తుంది. అంతర్జాతీయ సదస్సులు తరచుగా ‘ఎనీవేర్ ఆన్ ఎర్త్’ అనే కాలమానాన్ని వాడతాయి. భూమిపై ఎక్కడైనా ఆ తేదీ ఇంకా మిగిలి ఉన్నంతవరకు గడువు ఉన్నట్టే అని దాని అర్థం. ఇది సమన్వయ సార్వత్రిక కాలమానం కన్నా 12 గంటలు వెనుక ఉంటుంది. భారత కాలమానం దానికి ఐదున్నర గంటలు ముందు. మొత్తం తేడా పదిహేడున్నర గంటలు. ఆ లెక్కన డిసెంబరు 20 రాత్రి 11:59 అంటే మనకు డిసెంబరు 21 సాయంత్రం 5:29.

వక్తలందరూ దేశంలోనే ఉండే చిన్న మీటప్‌కు ఇంత అవసరం లేదు. ‘డిసెంబరు 20, ఆదివారం, రాత్రి 11:59, భారత కాలమానం’ అని రాస్తే సరిపోతుంది. ముఖ్యం ఏమిటంటే, ఫారం కూడా సరిగ్గా అప్పుడే మూసుకోవాలి. ప్రకటన ఒకటి చెప్పి, ఫారం మరుసటి ఉదయం దాకా తెరిచి ఉంటే, ఆ సంగతి తెలిసినవారికి మాత్రమే అదనపు సమయం దక్కుతుంది.

గడువు పెంచాల్సి వస్తే అది పూర్తికాక ముందే, పిలుపు ప్రకటించిన అన్ని చోట్లా చెప్పాలి. ఎవరో తెలిసినవారు అడిగారని ముగిశాక పెంచితే, సమయానికి పంపినవారికి అన్యాయం. చాలామంది చివరి రోజునే పంపుతారు కాబట్టి, రెండు రోజుల ముందు సంఖ్య తక్కువగా ఉందని కంగారుపడి పెంచడమూ సరికాదు. ప్రాథమిక పరిశీలనకు ఉంచిన మూడు రోజులే ఇలాంటప్పుడు కొంత వెసులుబాటు ఇస్తాయి.

మొదటి వడపోత, పేర్లు లేని సమీక్ష

గడువు ముగిసేసరికి 36 ప్రతిపాదనలు వచ్చాయనుకుందాం. ప్రాథమిక పరిశీలనలో నాణ్యతను చూడరు. సారాంశం ఉందా, అదే ప్రతిపాదన రెండుసార్లు వచ్చిందా, ప్రసంగం పేరుతో వస్తువు అమ్మకానికి ప్రకటన రాశారా అని మాత్రమే చూస్తారు. మూడు తొలగిపోయి 33 మిగిలాయి.

తర్వాత పేరు, సంస్థ, ఊరు, పాత ప్రసంగాల వివరాలను పక్కన పెట్టి, ప్రతిపాదనను మాత్రమే సమీక్షకులకు ఇవ్వాలి. దీనికి ఆధారం ఉంది. వెబ్ సెర్చ్, డేటా మైనింగ్ రంగానికి చెందిన డబ్ల్యూఎస్‌డీఎం అనే సదస్సు 2017 సంచిక కోసం ఒక ప్రయోగం జరిగింది. ఒకే పత్రాలను రచయితల పేర్లు తెలిసిన సమీక్షకులు, తెలియని సమీక్షకులు విడివిడిగా చదివారు. పేర్లు తెలిసినవారు ప్రసిద్ధ రచయితల, పేరున్న విశ్వవిద్యాలయాల, కంపెనీల పత్రాలను ఆమోదించమని సిఫారసు చేసే అవకాశం ఎక్కువగా కనిపించింది.

మీటప్‌లో దీన్ని పాటించడానికి ఫారంను రెండు భాగాలు చేస్తే చాలు. మొదటి భాగంలో ప్రసంగం, రెండో భాగంలో వ్యక్తి. సారాంశంలో సొంత పేరు, సంస్థ పేరు రాయవద్దని ముందే చెప్పాలి. అయితే దీనికి హద్దు ఉంది. చిన్న బృందాల్లో ఎవరు ఏ పని చేస్తున్నారో అందరికీ తెలుసు. ప్రతిపాదన తన సహోద్యోగిదో, మిత్రుడిదో అని గుర్తుపట్టిన సమీక్షకుడు దాన్ని మరొకరికి అప్పగించాలి.

ఒక్కో ప్రతిపాదనను ముగ్గురు చదవాలంటే మొత్తం 99 సమీక్షలు. ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి 16 లేదా 17. ఒక్కోదానికి 12 నిమిషాలు వేసుకుంటే దాదాపు మూడున్నర గంటలు. రెండు వారాల్లో ఇది చేయగలిగిన పనే. అందరూ అన్నీ చదవాలంటే ఆరున్నర గంటలు దాటుతుంది. చివర్లో చదివినవాటికి అలసటతో మార్కులు పడతాయి. సగం గడువు అయ్యేసరికి, అంటే డిసెంబరు 30న, ఎవరైనా ఒక్కటి కూడా చదవకపోతే వారి వాటాను వెంటనే మార్చాలి. జనవరి 6 దాకా ఆగితే చేసేదేమీ ఉండదు.

సగటు మార్కు చెప్పని సంగతి

సమీక్షకులు ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేస్తారు. వాటి సగటును పెద్దది నుంచి చిన్నదిగా పేర్చి పై ఎనిమిదింటిని తీసుకోవడం తేలిక. చిక్కు ఎక్కడంటే, కొందరిది పిసినారి చెయ్యి, కొందరిది ధారాళమైన చెయ్యి.

వర్షమాపక సెన్సార్లు పొలంలో తప్పు లెక్కలు ఎందుకు చూపుతాయో వివరించే ప్రతిపాదనకు 3, 4, 3 వచ్చాయనుకుందాం. సగటు 3.33. డేటాబేస్ వేగం పెంచడంపై వచ్చిన మరో ప్రతిపాదనకు 4, 4, 4 వచ్చాయి. సగటు 4. చూడగానే రెండోదే మేలు. కానీ మొదటిదాన్ని చదివిన ముగ్గురూ తమకు వచ్చిన ప్రతిపాదనలన్నిటికీ వేసిన సగటు మార్కులు 2.5, 3.0, 2.6. అంటే దానికి వారు తమ సగటు కన్నా 0.5, 1.0, 0.4 ఎక్కువ వేశారు. రెండోదాన్ని చదివినవారి సగటులు 4.1, 3.9, 4.0. వారి దృష్టిలో అది మామూలు ప్రతిపాదనే. సమీక్షకుల కాఠిన్యాన్ని లెక్కలోకి తీసుకుంటే మొదటిది 0.63 పైన, రెండోది సున్నా దగ్గర నిలుస్తాయి.

ఈ సవరణనూ గుడ్డిగా నమ్మకూడదు. పదహారు ప్రతిపాదనలే చదివిన సమీక్షకుడికి నిజంగానే మంచివి ఎక్కువగా దొరికి ఉండవచ్చు. అందుకే దీన్ని తుది తీర్పుగా కాక, దేని గురించి మళ్లీ మాట్లాడాలో చెప్పే గుర్తుగా వాడాలి. ముగ్గురి మార్కుల మధ్య రెండు లేదా అంతకు మించిన తేడా ఉన్నవీ ఈ జాబితాలో చేరతాయి.

మధ్య వరుసలోనే అసలు పని

ఎంపిక సమావేశానికి వచ్చేసరికి నాలుగు ప్రతిపాదనలపై అందరికీ ఆమోదమేననీ, 17 సరిపోవని స్పష్టమైందనీ అనుకుందాం. మధ్యలో 12 ఉన్నాయి, మిగిలిన స్థానాలు నాలుగు. ఒక్కోదానికి ఏడు నిమిషాల చర్చ అంటే 84 నిమిషాలు. సమయమంతా ఇక్కడే వెచ్చించాలి.

ఈ మధ్య వరుస ఎంత అనిశ్చితమో 2014లో న్యూరల్ ఇన్ఫర్మేషన్ ప్రాసెసింగ్ సిస్టమ్స్ సదస్సు తనపై తానే చేసుకున్న ప్రయోగం చూపింది. 166 పత్రాలను రెండు కమిటీలు విడివిడిగా సమీక్షించాయి. దాదాపు నాలుగో వంతు పత్రాలపై వాటి నిర్ణయాలు వేర్వేరుగా వచ్చాయి. ఒక కమిటీ ఆమోదించినవాటిలో సగానికి పైగా మరో కమిటీ తిరస్కరించింది. అనుభవజ్ఞుల కమిటీలకే ఇలా జరిగితే, ఆరుగురు స్వచ్ఛంద సమీక్షకుల మధ్య వరుస తీర్పు ఇంకో ఆరుగురి చేతిలో మారిపోవచ్చు.

ఎనిమిదీ తేలాకే పేర్లు తెరవాలి. ఒకే వ్యక్తివి రెండు ఉన్నాయా, ఒకే సంస్థ నుంచి నలుగురు వచ్చారా, ఒకే విషయం రెండుసార్లు వస్తోందా అని చూసి, అవసరమైతే మధ్య వరుస నుంచి మార్చాలి. తర్వాతి ముగ్గురిని వరుస సంఖ్యతో నిరీక్షణ జాబితాలో ఉంచి, ఆ మాట వారికి స్పష్టంగా చెప్పాలి. జనవరి 19 నాటికి ఎవరైనా రాలేమంటే ఆ క్రమంలోనే పిలవాలి.

సమీక్షలో నెగ్గని 22 మందికి జవాబు కూడా జనవరి 10నే వెళ్లాలి. అందులో సమీక్షకులు రాసిన రెండు వాక్యాలు ఉండాలి. ‘ఈసారి కుదరలేదు’ అంటే పంపినవారికి తెలిసేదేమీ లేదు. ‘సమస్య ఆసక్తికరంగా ఉంది, కానీ 25 నిమిషాల్లో దేనికెంత సమయమో రాయలేదు, ఫలితాలు ఏమిటో చెప్పలేదు’ అంటే వచ్చేసారి ఏం మార్చాలో తెలుస్తుంది. పన్నెండింటిలో చోటు దొరకని ప్రతిపాదనల్లో కొన్ని బహుశా ఆ ఒక్క పేరా లేకే ఆగిపోయి ఉంటాయి.