ఏడు నుంచి ఎనిమిదికి నలభై నానోసెకన్లు

నాలుగు బిట్ల రిపుల్ కౌంటర్‌లో క్లాక్ మొదటి ఫ్లిప్‌ఫ్లాప్‌కే అందుతుంది. మిగతా మూడింటిలో ఒక్కొక్కటీ తన ముందున్నది మారాకే కదులుతుంది. ఒక్కోదానికి 10 నానోసెకన్లు పడుతుందనుకుందాం. 7 నుంచి 8కి, అంటే 0111 నుంచి 1000కి వెళ్లేటప్పుడు చూడండి: ముందు 0110, తర్వాత 0100, ఆపైన 0000, చివరికి 1000. ఏడు తర్వాత ఆరు, నాలుగు, సున్నా! సున్నాను గుర్తించే డీకోడర్ తగిలిస్తే, ఆసిలోస్కోప్‌పై ఆ క్షణంలో సన్నని తప్పుడు పల్స్ కనిపిస్తుంది. ప్రతి లెక్కా సరిగ్గా చదవాలంటే 40 నానోసెకన్లు ఆగాలి. అంటే క్లాక్ 25 మెగాహెర్ట్జ్ దాటకూడదు. బిట్లు పెరిగితే ఈ హద్దు ఇంకా తగ్గుతుంది.

సింక్రోనస్ కౌంటర్‌లో నాలుగింటికీ క్లాక్ ఒకేసారి అందుతుంది. కింది బిట్లన్నీ 1 అయితేనే పై బిట్ మారాలని ఆండ్ గేట్లు ముందే తేల్చి ఉంచుతాయి. ఫ్లిప్‌ఫ్లాప్‌కు 10, గేటుకు 5, తర్వాతి క్లాక్ అంచుకు ముందు ఇన్‌పుట్ నిలకడగా ఉండాల్సిన సెటప్ సమయం 5 అనుకుంటే మొత్తం 20 నానోసెకన్లే. కాబట్టి 50 మెగాహెర్ట్జ్ వరకు వెళ్లొచ్చు.

అంకె చదవకుండా ఫ్రీక్వెన్సీని పదహారో వంతుకు తగ్గించడమే పనైతే మాత్రం నేను రిపుల్‌నే ఎంచుకుంటాను. అక్కడ ఆలస్యం అడ్డుకాదు, గేట్ల ఖర్చూ ఉండదు.